గొట్టం వెలుగుతూనే ఉంది, లేజర్ మాత్రం లేదు

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో నా చేతుల్లోనే ఒక లేజర్ ఆరిపోయింది. హీలియం-నియాన్ లేజర్ అది. జానెడు పొడవున్న సన్నటి గాజు గొట్టం, దానికి అటొకటి ఇటొకటి చిన్న అద్దాలు, అద్దాన్ని వెంట్రుకవాసి వాల్చడానికి వెనక రెండేసి మరలు. అన్నీ ఒక ఇనప పట్టా మీద బిగించి ఉండేవి. బల్ల తుడుస్తూ ఒక మరకి చెయ్యి తగిలించాను. పావు చుట్టు కూడా తిరిగి ఉండదు. ఎదురుగా గోడ మీదున్న ఎర్రచుక్క మాయమైపోయింది.

కరెంటు పోయిందనుకున్నాను. పోలేదు. గొట్టం నారింజ, గులాబీ కలగలిసిన రంగులో ఎప్పటిలాగే వెలుగుతోంది. మీటరు ముల్లు ఐదు మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఉంది. లోపలి వాయువు అదే, దానికి అందుతున్న శక్తి అదే. లేజర్ మాత్రం లేదు.

సారు వచ్చి చూశారు. తిట్టలేదు. "గొట్టంలో ఏం తగ్గిందో చెప్పు, తర్వాత బాగుచేద్దాం" అన్నారు. నేను నీళ్లు నమిలాను. లేజర్‌కి మూడు కావాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే: పాపులేషన్ ఇన్వర్షన్, స్టిమ్యులేటెడ్ ఎమిషన్, ఆప్టికల్ కేవిటీ. మొదటి రెండింటికీ పేజీలు నింపేవాళ్లం. మూడోదానికి రెండు అద్దాల బొమ్మ గీసి వదిలేసేవాళ్లం. ఆ రోజు గొట్టంలో మొదటి రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పోయింది ఆ బొమ్మే.

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు గొట్టం లోపలికి వెళ్లాలి.

అణువుకి శక్తి మెట్లుమెట్లుగా ఉంటుంది. కింది మెట్టు మీదున్న అణువుకి సరిగ్గా సరిపోయే శక్తి ఉన్న కాంతి రేణువు, అంటే ఫోటాన్, తగిలితే దాన్ని మింగి పైమెట్టు ఎక్కుతుంది. పైమెట్టు మీదున్నది కాసేపటికి తనంతట తాను దిగిపోతూ ఒక ఫోటాన్‌ని వదులుతుంది. ఆ ఫోటాన్ ఏ దిక్కుకి పోతుందో, ఏ క్షణాన బయలుదేరుతుందో ఎవరూ చెప్పలేరు. నియాన్ బోర్డు వెలుగు అలాంటిదే. ట్యూబ్‌లైటు, కొవ్వొత్తి, సూర్యుడు కూడా దాదాపు ఇదే బాపతు.

1916, 17 సంవత్సరాల్లో ఐన్‌స్టీన్ మూడో దారి ఒకటి ఉండి తీరాలని లెక్క కట్టి చెప్పాడు. పైమెట్టు మీదున్న అణువు ఇంకా దిగకముందే, అది వదలబోయే ఫోటాన్ లాంటిదే మరొకటి అటుగా పోతే, దాని ప్రభావానికి ఈ అణువు కూడా కిందికి దిగుతుంది. అప్పుడు వెలువడే ఫోటాన్ వచ్చినదానికి అచ్చం కవల. అదే రంగు, అదే దిక్కు, అలల ఎగుడుదిగుడులు కూడా ఒకే వరసలో. ఒకటి వస్తే రెండు వెళ్తాయి. దీన్నే ప్రేరిత ఉద్గారం అంటారు. ఈ మూడో దారి లేకపోతే, వేడి వస్తువుల నుంచి వచ్చే వెలుగుకి ప్లాంక్ కట్టిన సూత్రం పొసగదని ఆయన వాదన.

అదే లెక్కలో ఒక మెలిక కూడా ఉంది. కింది అణువు ఫోటాన్‌ని మింగే అవకాశం ఎంతో, పై అణువు దాన్ని రెండు చేసే అవకాశమూ సూటిగా అంతే. ఫోటాన్‌కి పక్షపాతం లేదు. దారిలో కింది అణువులు ఎక్కువుంటే వెలుగు తగ్గుతుంది, పై అణువులు ఎక్కువుంటే పెరుగుతుంది. కాబట్టి ఎవరు ఎక్కువమంది అన్నదే ప్రశ్న.

మామూలుగా అయితే దానికి జవాబు ముందే తేలిపోయింది. హీలియం-నియాన్ లేజర్ ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు. ఆ ఫోటాన్ శక్తి 1.96 ఎలక్ట్రాన్ వోల్టులు. గది వేడికి అణువుల కుదుపులో ఉండే శక్తి 0.025 ఎలక్ట్రాన్ వోల్టుల చిల్లర. రెండు మెట్ల మధ్య తేడా కుదుపుకి సుమారు 80 రెట్లు. ఈ లెక్కన పైమెట్టు మీద ఒక్క అణువు ఉండాలంటే కిందిమెట్టు మీద ఒకటి పక్కన 33 సున్నాలు పెట్టినన్ని అణువులు ఉండాలి. మా గొట్టంలో ఉన్న మొత్తం నియానే అంత లేదు. వేడి చేస్తే? ఎంత వేడి చేసినా పైమెట్టు వాళ్లు కిందివాళ్లని మించరు. మహా అయితే సమానానికి దగ్గరవుతారు. అదే రంగు వెలుగుని గుమ్మరించి ఎక్కిద్దామన్నా కుదరదు. ఎక్కించే వెలుగే దించుతుంది కూడా కదా, సగం సగం దగ్గర ఆగిపోతుంది. పైన ఎక్కువ, కింద తక్కువ అన్న పరిస్థితి ప్రకృతి మామూలుగా ఒప్పుకోనిది. అందుకే దానికి జనాభా విలోమం అని పేరు. తలకిందులైన జనాభా అన్నమాట.

అయితే మా గొట్టంలో అది ఎలా సాధ్యమైంది? దొడ్డిదారిన. గొట్టంలో హీలియం ఎక్కువ, నియాన్ తక్కువ. ఏడెనిమిది పాళ్లకి ఒక పాలు. వాయువు కూడా పలచనే, మనం పీల్చే గాలి ఒత్తిడిలో మూడు నాలుగు వందలో వంతు. వెయ్యికి పైగా వోల్టులు పెడితే ఎలక్ట్రాన్లు పరుగెత్తుతూ హీలియంని ఢీకొంటాయి. హీలియం 20.61 ఎలక్ట్రాన్ వోల్టుల మెట్టు ఎక్కుతుంది. ఈ మెట్టుకో తమాషా ఉంది. అక్కణ్ణుంచి వెలుగు వదిలి దిగడానికి హీలియంకి దాదాపు దారి లేదు. ఎక్కి కూర్చుంటుంది, దిగలేదు. ఈలోగా ఒక నియాన్ అణువు వచ్చి తగులుతుంది. నియాన్‌కి 20.66 దగ్గర ఒక మెట్టు ఉంది. తేడా 0.05. ఆ కాస్తా ఢీకొన్న ఊపులోంచి వస్తుంది. హీలియం తన బరువంతా నియాన్ నెత్తిన పెట్టి కిందికి దిగిపోతుంది. రెండు వేర్వేరు మూలకాల మెట్లు ఇంత దగ్గరగా ఉండడం కేవలం అదృష్టం. కాకపోతే ఆ అదృష్టాన్ని కాగితాల మీద లెక్కల్లోంచి ఏరి పట్టుకున్నది అలీ జవాన్ అనే ఇరాన్ శాస్త్రవేత్త. అమెరికాలో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసేవాడు.

ఇంకో సుళువు కూడా ఉంది. నియాన్ ఎర్ర వెలుగు వదిలి దిగేది నేల మీదికి కాదు, 18.70 దగ్గరున్న మరో మెట్టు మీదికి. మేడ నాలుగో అంతస్తు నుంచి మూడో అంతస్తుకి దిగినట్టు. ఆ మూడో అంతస్తు ముందునుంచీ దాదాపు ఖాళీ. పైగా అక్కడికి చేరిన అణువు పైదానికంటే కొన్ని రెట్లు త్వరగా ఇంకా కిందికి జారిపోతుంది. కాబట్టి గొట్టంలోని నియాన్‌లో ఎక్కువ భాగం నేల మీదే ఉన్నా ఇబ్బంది లేదు. నాలుగో అంతస్తులో ఉన్నది పిడికెడే కావచ్చు, మూడో అంతస్తులో ఉన్నది చిటికెడు. అంతే చాలు. 1960 మే 16న కాలిఫోర్నియాలో థియొడోర్ మైమన్ వెలిగించిన మొట్టమొదటి లేజర్‌కి ఈ సుళువు లేదు. అది కెంపుతో చేసింది. అందులో దిగేది నేరుగా నేల మీదికే కాబట్టి, వెలుగునిచ్చే అణువుల్లో సగానికి పైగా పైకి ఎక్కించాల్సి వచ్చింది. దానికి ఆయన ఫొటోల ఫ్లాష్ దీపం వాడాడు. వెలుగు ఒక్క మెరుపులా వచ్చి పోయింది. ఆగకుండా వెలిగే మొదటి లేజర్ జవాన్ గొట్టమే.

సరే, తలకిందుల జనాభా కుదిరింది. దానిలోంచి సరైన రంగు ఫోటాన్ పోతే పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది? ఇక్కడే అసలు కథ. మా గొట్టం లాంటిదాన్లో ఈ చివర 100 ఫోటాన్లు ప్రవేశిస్తే ఆ చివర 102 బయటికొస్తాయి. అంతే. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి రెండు రూపాయల వడ్డీ.

రెండు రూపాయల వడ్డీ అప్పిచ్చినవాడిని ముంచదు గానీ ఒక్క నెల వడ్డీతో ఎవడూ మేడ కట్టలేడు. చక్రవడ్డీ కట్టి ఓపిక పట్టాలి. రెండు రూపాయల చక్రవడ్డీకి అసలు రెట్టింపు కావడానికి 35 నెలలు. ఒక్క ఫోటాన్ పది లక్షలు కావాలంటే 700 సార్లు గొట్టం దాటాలి. గొట్టం పాతిక సెంటీమీటర్లు. అంటే 175 మీటర్ల పొడవు గొట్టం కావాలి, అదీ ఒక మిల్లీమీటరు రంధ్రంతో, వెంట్రుకంతైనా వంకర లేకుండా. రంధ్రం వెడల్పు చేసుకోవచ్చు కదా అంటారేమో. ఎర్ర వెలుగు ఇచ్చాక నియాన్ చివరికి నేల మీదికి చేరేది గొట్టం గోడకి తగిలే. గోడ దూరమైతే అణువులు మధ్యలో పేరుకుపోతాయి, వడ్డీ తగ్గుతుంది.

అంత గొట్టం ఎవరూ చెయ్యలేరు. కానీ ఒకే గొట్టాన్ని 700 సార్లు వాడుకోవచ్చు. రెండు చివరలా రెండు అద్దాలు పెడితే ఫోటాన్లు అటు ఇటు తిరుగుతూ ప్రతిసారీ తమ రెండు రూపాయలు పుచ్చుకుంటాయి. కేవిటీ చేసే మొదటి పని ఇదే: పొడవుని మడత పెట్టడం. వెలుగు వేగానికి పాతిక సెంటీమీటర్లు ఒక లెక్కా? ఒక్క ఫోటాన్ పది లక్షలవడానికి సెకనులో పది లక్షలో వంతు కూడా పట్టదు.

కానీ అద్దం ఉచితంగా పనిచెయ్యదు. అదీ కమీషన్ తీసుకుంటుంది. సెలూన్‌లో కుర్చీ ముందొక అద్దం, వెనకొక అద్దం ఉంటాయి. తల ఎత్తి చూస్తే మీ మొహం వెనక మీ వీపు, దాని వెనక మళ్లీ మొహం, అలా లోపలికి వరస పోతుంది. ఈసారి వెళ్లినప్పుడు లెక్కపెట్టండి. పది పన్నెండు దాటేసరికి బొమ్మ మసకబారి, ఆకుపచ్చగా మారి, చీకట్లో కలిసిపోతుంది. ఇంటి అద్దం ప్రతిసారీ నూటికి పది ఫోటాన్ల దాకా మింగేస్తుంది. మిగిలినవాటికి గాజు తన పచ్చరంగు పులుముతుంది.

ఆ అద్దాలు మా గొట్టానికి పెట్టి చూద్దాం. 100 ఫోటాన్లు బయలుదేరాయి. గొట్టం దాటితే 102. అద్దం పది శాతం తీసుకుంటే 92. వెనక్కి గొట్టం దాటితే 94. రెండో అద్దం దగ్గర 84. ఒక్క చుట్టుకే అసలులో 16 పోయాయి. ఇంకో చుట్టుకి 71. ఇది వ్యాపారం కాదు, దివాలా. గొట్టంలో తలకిందుల జనాభా ఉంది, ప్రేరిత ఉద్గారం జరుగుతోంది, ఫోటాన్లు నిజంగానే రెండు శాతం పెరుగుతున్నాయి. అయినా లేజర్ లేదు.

ఇప్పుడు లేజర్ అద్దాలు పెడదాం. వీటికి వెండి పూత ఉండదు. రెండు రకాల పారదర్శక పదార్థాల్ని ఒకదాని మీద ఒకటి, ఒక్కో పొర కాంతి అలలో నాలుగో వంతు మందంతో, డజను దాకానో ఇంకా ఎక్కువో పూస్తారు. ఒక్కో పొర కొద్దికొద్దిగా వెనక్కి పంపే వెలుగు ఒకదానికొకటి కలిసొచ్చి దాదాపు మొత్తం తిరిగొస్తుంది. వెనక అద్దం 99.9 శాతం, ముందు అద్దం 99 శాతం తిప్పికొడతాయనుకుందాం. 100 బయలుదేరితే 102. వెనక అద్దం దగ్గర 101.9. మళ్లీ గొట్టం దాటితే 103.9. ముందు అద్దం అందులో ఒకటిని బయటికి వదిలి 102.9 వెనక్కి పంపుతుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మూలధనం దాదాపు మూడు పెరిగింది, ఒకటి బయటికి కూడా వచ్చింది. గోడ మీద మనం చూసే ఎర్రచుక్క ఆ ఒక్కటే.

చుట్టుకి వచ్చేది చుట్టుకి పోయేదాన్ని దాటే ఆ గీతనే థ్రెషోల్డ్ అంటారు. గీతకి ఇవతల గొట్టం ఒక నియాన్ దీపం. అవతల లేజర్. మధ్యలో సగం లేజర్ అంటూ ఉండదు. మన పందిళ్లలో మైకు కూత పెట్టడం ఇలాంటిదే. యాంప్లిఫయరు ఉన్నంత మాత్రాన కూత రాదు. బాక్సులోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకి వెళ్లి, అది పెరిగి మళ్లీ బాక్సులోంచి వచ్చి, చుట్టుకి పెరిగేది తరిగేదాన్ని దాటిన క్షణాన ఒక్కసారి కూయ్‌మంటుంది. మైకుని రెండడుగులు పక్కకి జరిపితే ఆగిపోతుంది. యాంప్లిఫయరులో ఏమీ మారలేదు, చుట్టు తెగింది. నేను మర తిప్పి చేసింది సరిగ్గా ఆ పనే.

చుట్టు ఎంత సున్నితమో చెప్పాలి. అద్దం ఒక డిగ్రీలో అరవయ్యో వంతు వాలిందనుకోండి. తిరిగొచ్చే కిరణం దానికి రెట్టింపు కోణంలో తప్పుతుంది. పాతిక సెంటీమీటర్ల అవతలికి చేరేసరికి మిల్లీమీటరులో ఏడో వంతు పక్కకి జరుగుతుంది. గొట్టం రంధ్రం మిల్లీమీటరే. మొదటి చుట్టుకి ఫరవాలేదు, కానీ ప్రతి చుట్టుకీ తప్పు పెరుగుతూ పోతుంది. చదునైన అద్దాలైతే మూడు నాలుగు చుట్లకే కిరణం గోడని గుద్దుకుంటుంది. కావలసింది వందల చుట్లు. 1960 డిసెంబరు 12న బెల్ ల్యాబ్స్‌లో జవాన్, విలియం బెనెట్, డొనాల్డ్ హెరియట్ మొదటి హీలియం-నియాన్ లేజర్ వెలిగించినప్పుడు వాళ్ల అద్దాలు చదునైనవే, అవీ గొట్టం లోపలే బిగించినవి. అందులోనూ ఆ వెలుగు 1.15 మైక్రోమీటర్లది, కంటికి కనిపించనిది. ఆనవాలు పరికరంలోనే చూడాలి. ఎర్ర వెలుగు 1962లో వచ్చింది. ఆ రోజుల్లోనే కొద్దిగా గుంట ఉన్న అద్దాలు వాడడం మొదలైంది. కాస్త పక్కకి పోయిన కిరణాన్ని గుంట అద్దం మళ్లీ మధ్యకి లాగుతుంది కాబట్టి పని తేలికైంది. మా ల్యాబ్‌లోవీ అలాంటివే. అయినా నా పావు చుట్టుకి ఆగలేదు.

అద్దాల పని మడత పెట్టడంతో అయిపోలేదు. రెండోది నాకు ఇంకా ఇష్టం. లేజర్‌కి ముందు మేసర్ వచ్చింది. 1954లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ టౌన్స్ బృందం మైక్రోవేవ్ తరంగాలతో చేసింది. ఆ తరంగం పొడవు సెంటీమీటరు పైచిలుకు. అంత పరిమాణంలో ఒక లోహపు డబ్బా చేస్తే అందులో ఒకే రకం అల నిలబడుతుంది. వెలుగుకి అదే పని చెయ్యాలంటే డబ్బా మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉండాలి. అది అప్పట్లో చెయ్యలేరు. ఒక సెంటీమీటరు డబ్బా చేస్తే? నియాన్ ఇచ్చే ఎరుపు రంగు పరిధిలోనే అందులో సుమారు 30 కోట్ల రకాల అలలు నిలబడతాయి, అన్ని దిక్కులకీ. అణువులిచ్చే శక్తి ఈ 30 కోట్లమందికీ పంచుకుపోతే ఎవరి చేతికీ ఏమీ రాదు.

టౌన్స్ చెల్లెలి భర్త ఆర్థర్ షాలో. వరసకి బావాబావమరదులన్నమాట. బెల్ ల్యాబ్స్‌లో ఉన్న షాలోకి తట్టిన ఉపాయం డబ్బాకి పక్కగోడలు తీసెయ్యడం. రెండు చివరల అద్దాలు మాత్రం ఉంచితే, ఏటవాలుగా పోయే అల ఒకటి రెండు తాకిళ్లకే బయటపడిపోతుంది. సరిగ్గా నిట్టనిలువుగా అద్దం నుంచి అద్దానికి తిరిగేవే మిగులుతాయి. 1958 డిసెంబరులో ఇద్దరూ కలిసి ఫిజికల్ రివ్యూ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. అంతకు ఏడాది ముందే గోర్డన్ గౌల్డ్ అనే పరిశోధక విద్యార్థి కూడా ఇలాంటి అద్దాల అమరికనే తన నోటుపుస్తకంలో రాసుకుని నోటరీ సంతకం పెట్టించుకున్నాడు. లేజర్ అన్న మాట ఆ పుస్తకంలోదే. ఆ పేటెంటు తగవు దశాబ్దాలు నడిచింది, మనకిక్కడ అక్కర్లేదు.

కాబట్టి లేజర్ వెలుగు సూటిగా పోవడం నియాన్ గొప్పతనం కాదు. నియాన్ అన్ని దిక్కులకీ వెలుగు చిమ్ముతుంది. పక్కలకి కనిపించే నారింజ కాంతి అదే. గొట్టం వెంట అద్దానికి ఎదురుగా పోయిన ఏ కొద్ది ఫోటాన్లకో కవలలు పుట్టే అవకాశం మళ్లీ మళ్లీ దొరుకుతుంది. పక్కకి పోయినవి ఒక మిల్లీమీటరు లోపే బయటపడతాయి. రంగు విషయంలోనూ అద్దాల మాటే చెల్లుతుంది. రెండు అద్దాల మధ్య అరల అలలు పూర్తి సంఖ్యలో పట్టాలి. మా గొట్టంలో సుమారు 7 లక్షల 90 వేలు. అలా కుదరనిది తన కవలలతో తానే కొట్టుకుని చచ్చిపోతుంది. నియాన్ ఇచ్చే సన్నని ఎరుపు గీతలో అలా కుదిరేవి రెండో మూడో ఉంటాయి. స్విచ్చు వేసిన మొదటి పావుగంటలో గొట్టం వేడెక్కి సాగుతుంటే ఏ అల కుదురుతుందో మారుతూ ఉంటుంది. అందుకే అప్పుడు వెలుగు కొద్దిగా పెరుగుతూ తరుగుతూ ఊగిసలాడుతుంది. తెలియనివాళ్లు పవర్ సప్లై పాడైందనుకుంటారు.

చుట్టుకి మూడు శాతం చొప్పున పెరుగుతూ పోతే ఫోటాన్లు ఎక్కడ ఆగుతాయి? పెరిగేకొద్దీ పై అంతస్తు అణువుల్ని అంత వేగంగా దించేస్తాయి. హీలియం ఎక్కించే వేగం మాత్రం అంతే. పైన జనం పలచబడతారు, వడ్డీ రేటు పడిపోతుంది. రెండు రూపాయలు కాస్తా అర్ధరూపాయి చిల్లరకి దిగేసరికి రాబడి, కమీషను సరిసమానమవుతాయి. అక్కడ లేజర్ నిలకడగా ఉంటుంది. బయటికి ఒక మిల్లీవాట్ వస్తుంటే, అది ముందు అద్దం వదిలిన ఒక శాతమే కాబట్టి, అద్దాల మధ్య వంద మిల్లీవాట్లు తిరుగుతున్నట్టు. ఇంకా కావాలని కరెంటు పెంచితే గొట్టం కంటికి ఇంపుగా మరింత వెలుగుతుంది గానీ గోడ మీద చుక్క మసకబారుతుంది. అదనపు ఎలక్ట్రాన్లు మూడో అంతస్తులోకి కూడా జనాన్ని ఎక్కించడం మొదలుపెడతాయి, పైనున్న హీలియంని కిందికి తోసేస్తాయి. గొట్టం వెలుగుని చూసి లేజర్‌ని అంచనా వెయ్యకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అద్దాలు లేకుండా లేజర్ అసలు కుదరదా అంటే, వడ్డీ రేటు మీద ఆధారపడి ఉంటుంది. నైట్రోజన్ లేజర్‌లో ఒక్క దాటుకే వెలుగు విపరీతంగా పెరుగుతుంది కాబట్టి అద్దాలు లేకపోయినా మెరుపు కొడుతుంది. ఆ కిరణం అంత సన్నగా మాత్రం ఉండదు. సూపర్‌మార్కెట్ బిల్లింగ్ దగ్గర బార్‌కోడ్ చదివే లేజర్ డయోడ్‌కి విడిగా అద్దాలే ఉండవు. స్ఫటికాన్ని విరిచినప్పుడు వచ్చే నున్నటి చివరలే అద్దాలు. అవి తిప్పికొట్టేది నూటికి 30 మాత్రమే. మా గొట్టానికైతే అది ఎందుకూ కొరగాదు. డయోడ్‌కి చాలు, అక్కడ వడ్డీ అంత ఎక్కువ. ఇక అంగారకుడి సంగతి. అక్కడి వాతావరణం పై పొరల్లోని కార్బన్ డయాక్సైడ్‌లో సూర్యరశ్మికే జనాభా తలకిందులవుతుందని 1981లో ప్రకటించారు. తలకిందుల జనాభా ఉంది, ప్రేరిత ఉద్గారం ఉంది, పరారుణ కాంతి కొద్దిగా పెరుగుతోంది కూడా. అద్దాలు పెట్టేవాళ్లు లేరు.

ఆ మధ్యాహ్నం సారు లేజర్‌ని ఎలా బతికించారో చెప్పాలి. ఒక మర మీద ఎడమచెయ్యి, ఇంకో మర మీద కుడిచెయ్యి పెట్టి, ఒకదాన్ని ముందుకీ వెనక్కీ గబగబా ఊపుతూ రెండోదాన్ని నత్తలా తిప్పమన్నారు. గంటన్నర ఊపాను. ఒక చోట గోడ మీద తళుక్కుమని ఎరుపు మెరిసి పోయింది. "ఆగు, అక్కడే" అన్నారు. మళ్లీ వెనక్కి వచ్చాను. చుక్క నిలబడింది.

అప్పుడాయన మైక్రోస్కోపు స్లైడు ఒకటి తుడిచి, గొట్టానికీ అద్దానికీ మధ్య కిరణానికి కాస్త అటూఇటూగా అడ్డంగా పట్టుకున్నారు. స్ఫటికంలా ఉన్న గాజు. అయినా లేజర్ టక్కున ఆరిపోయింది. గాజు ఒక్కో తలం నాలుగు శాతం వెలుగుని తిప్పేస్తుంది. రెండు తలాలకి ఎనిమిది, రానూ పోనూ పదహారు. మా ఆదాయం నాలుగు. తర్వాత ఆ స్లైడుని మెల్లగా వాల్చుతూ వెళ్లారు. 56 డిగ్రీల దగ్గర గోడ మీద చుక్క మళ్లీ వెలిగింది, అడ్డంగా గాజు ఉండగానే. ఆ కోణంలో ఒక తీరున కంపించే వెలుగుకి గాజు తలం అసలు అడ్డం కాదు. గొట్టం రెండు చివరలూ కలం పాళీలా ఏటవాలుగా కోసి ఎందుకు మూశారో నాకు అప్పుడు అర్థమైంది. అన్నాళ్లూ అది అందం కోసమనుకున్నాను.

ఇప్పుడు చాలా కాలేజీల్లో ప్రాక్టికల్స్‌కి డయోడ్ లేజర్లే వాడుతున్నారు. చవక, మరల గోల లేదు. ఫిజిక్స్ చెప్పే మిత్రులకి ఒక్క మనవి. మీ ల్యాబ్ బీరువాలో అద్దాలు బయటికి కనిపించే పాత హీలియం-నియాన్ గొట్టం ఉంటే స్క్రాపుకి తోలెయ్యకండి. వేల వోల్టులుంటాయి కాబట్టి తీగల దగ్గర జాగ్రత్త, కిరణానికి కన్ను ఎదురుపెట్టనివ్వకండి. ఒక్కసారి వెలిగించి, పిల్లల చేత మర తిప్పించి ఆర్పించండి. బాగుచేసే పని కూడా వాళ్లకే అప్పజెప్పండి.